శూన్య, రద్దుచేయదగిన, శాసననిషిద్ధ ఒప్పందములు

ఇరువురు మనుష్యులు పరస్పరము మాట యిచ్చిపుచ్చుకొని, దానిని స్టాంపు కాగితముపై వ్రాసికొని, సాక్షుల సంతకములు చేయించుకొనినను, ఆ కాగితమునకు న్యాయస్థానములో విలువ యుండునో లేదో ఆ వ్రాతను బట్టి మాత్రమే తేలదు. 1872 సెప్టెంబరు 1వ తేదీ నుండి అమలులోనున్న భారత కాంట్రాక్టు చట్టము తన 10వ సెక్షనులో ఒప్పందమునకు బలమిచ్చు అంశములను పేర్కొన్నది. పక్షములవారి సమ్మతి స్వేచ్ఛగా నుండవలెను; వారు ఒప్పందము చేసికొను యోగ్యత గలవారై యుండవలెను; ప్రతిఫలమును ఉద్దేశ్యమును న్యాయసమ్మతములు కావలెను; ఆ చట్టమే శూన్యమని ప్రకటించిన ఒప్పందములలో నది చేరియుండరాదు. వీనిలో లోపించిన అంశమేదో దానిని బట్టి ఒప్పందము యొక్క గతి మారును. యోగ్యత లోపించినచో ఒప్పందము మొదటినుండియు శూన్యము. సమ్మతి యున్నను అది బలవంతము చేతనో మోసము చేతనో రాబట్టబడినదైనచో ఒప్పందము నిలిచియే యుండును గాని, మోసపోయినవాడు కోరినచో రద్దుచేసికొనవచ్చును. ఉద్దేశ్యమే శాసనవిరుద్ధమైనచో ఒప్పందము శూన్యమగుటయే గాక, దానిని ఆశ్రయించిన తక్కిన వ్యవహారములకు కూడ ఆ దోషము సంక్రమించును. శాసననిషిద్ధమైన ప్రతి ఒప్పందమును శూన్యమే. శూన్యమైన ప్రతి ఒప్పందమును శాసననిషిద్ధము కాదు.

ఈ భేదము పండితులకు మాత్రమే పనికివచ్చు వర్గీకరణమని తలచుట పొరపాటు. ఒప్పందము భగ్నమైనప్పుడు దానికి ముందే చేతులు మారిన సొమ్ము ఎవరికి చెందును, అమ్మిన వస్తువు మూడవవాని చేతికి చేరినచో దానిని మరల రాబట్టుకొనవచ్చునా, న్యాయస్థానమునకు పోవుటకు గడువెంత అను ప్రశ్నలన్నిటికిని సమాధానము ఈ మూడింటిలో ఏది జరిగినదన్న నిర్ణయముపైననే ఆధారపడియున్నది.

శూన్యత్వమునకును రద్దుచేయదగిన స్థితికిని గల దూరము ఎంత ఖరీదైనదో తెలిసికొనుటకు, 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్మానించిన మోహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ వ్యాజ్యమును మించిన ఉదాహరణము లేదు. కలకత్తాలో కొన్ని యిండ్లకు యజమానియైన ధర్మదాస్ ఘోష్ 1895 జూలై 20వ తేదీన వడ్డీవ్యాపారియైన బ్రహ్మదత్తు వద్ద ఆ యిండ్లను తాకట్టు పెట్టి, నూటికి ఏడాదికి 12 వంతున వడ్డీకి 20,000 రూపాయల తాకట్టు పత్రము వ్రాసియిచ్చెను. అప్పటికాతడు మైనరు. ఆ సంగతి తెలియజేయుచు ఆతని తల్లి తరఫు అటార్నీ అంతకు కొలది దినములకు ముందే వ్యాపారి తరఫు అటార్నీకి జాబు వ్రాసియుండెను. అయినను, తనకు వయస్సు వచ్చినదని ఆ బాలునిచేత ఒక వాఙ్మూలము వ్రాయించుకొని పత్రమును ముగించిరి. ఆ సెప్టెంబరులోనే తల్లి సంరక్షకురాలుగా, పత్రమును రద్దుచేయుమని బాలుని పక్షమున వ్యాజ్యము వేయబడెను.

అంతకు పూర్వము మైనరు చేసిన ఒప్పందము కేవలము రద్దుచేయదగినదా లేక మొదటినుండియు శూన్యమా అను విషయమున మన దేశపు హైకోర్టులలో ఏకాభిప్రాయము లేదు. వ్యాపారి మరణానంతరము వ్యాజ్యమును నడిపిన మోహరీ బీబీకి ఈ సందేహమే ప్రాణాధారమైనది. ఏలయన, అది రద్దుచేయదగిన ఒప్పందమైనచో 64వ సెక్షను వర్తించును. ఆ సెక్షను ప్రకారము ఒప్పందమును రద్దుచేసికొనువాడు దానివలన తాను పొందిన లాభమును ఎదుటివానికి మరల నీయవలెను. కనుక బాలుడు పత్రమును రద్దు కోరినచో ముట్టిన సొమ్మును తిరిగి చెల్లింపవలసినవాడగును. ప్రీవీ కౌన్సిలు ఈ వాదమును త్రోసివేసినది. మైనరు ఒప్పందము చేయుటకు యోగ్యుడే కాడనియు, కనుక అది శూన్యమనియు, శూన్యమైనదానికి రద్దు అనునది లేదు గనుక 64వ సెక్షను పుట్టుటకు చోటే లేదనియు నిర్ణయించెను. శూన్యమని తరువాత బయటపడిన ఒప్పందము విషయమున లాభమును మరల నీయవలెనను 65వ సెక్షను సహితము, ఒప్పందము చేయ యోగ్యత గలవారి నడుమనే వర్తించునని చెప్పెను. మైనరని తెలిసియు సొమ్మిచ్చినవాడు వాఙ్మూలమును నమ్మి మోసపోయితినని చెప్పుకొనుటకు వీలులేదనియు, అందుచేత బాలునిచేత పరిహార మిప్పించుటయు న్యాయము కాదనియు తీర్మానించెను. తాకట్టు పోయినది, అప్పును పోయినది. రద్దుచేయదగినదని తేలియున్నచో ఈ ఫలితము తలక్రిందులై యుండెడిది.

ఈ తీర్పు వలన మైనరును మోసగించి తాకట్టు వ్రాయించుకొనువారికి గట్టి బుద్ధి చెప్పినట్లయినను, వయస్సు దాచి సొమ్ము తీసికొన్న పడుచువాడు దానిని దిగమ్రింగి కూర్చుండుటకు దారి తీసిన దనవచ్చును. ఆ లోపమును తీర్చుటకు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము 33వ సెక్షనులో, ఒప్పందము చేయ యోగ్యత లేదను కారణముచే వ్యాజ్యమును ఎదిరించి గెలిచిన ప్రతివాదిచేత, తానుగాని తన ఆస్తిగాని నిజముగా లాభపడిన మేరకు ఆ లాభమును మరల నిప్పించుటకు న్యాయస్థానమునకు అధికార మీయబడినది. అయినను ఇది ఒప్పందమును అమలుపరచుట కాదు. మిగిలియున్న లాభమును మాత్రమే తిరిగి తీసికొనుట.

65వ సెక్షను ఎక్కడ నిజముగా పనికివచ్చునో చట్టములోని మొదటి ఉదాహరణమే తెల్పుచున్నది. ఒకడు తన కుమార్తెను పెండ్లాడెదనని మాటయిచ్చినవానికి వెయ్యి రూపాయలు ముట్టజెప్పెను. ఆ మాట జరుగునప్పటికే ఆ కన్య మరణించియుండెను. ఆ సంగతి ఇరువురికిని తెలియదు. ఒప్పందము శూన్యమే, కాని ఇచ్చిన వెయ్యిని తీసికొన్నవాడు మరల నీయవలెను. ఇక్కడ ఎవ్వరియందును దోషము లేదు. లోకములో శూన్యమగు ఒప్పందములు పెక్కు ఇట్టివే: లేని వస్తువును ఉన్నదని ఇరువురును నమ్మి బేరమాడినవి, అర్థమే నిశ్చయముగా తేలనివి. చట్టము వానిని అమలుపరచదు గాని వానిని చేసినవారిని నిందింపదు.

రద్దుచేయదగిన ఒప్పందము వేరు జాతి. దానిలో ఒప్పందము ఉన్నది, అది పనిచేయుచునే యున్నది. అయితే ఒకపక్షమువాని చేతిలో దానిని త్రుంచివేయు హక్కు కలదు. తెలుగువారి కుటుంబమొకటి మద్రాసు హైకోర్టుకు తెచ్చిన చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ వ్యాజ్యము దీనికి చక్కని నిదర్శనము. భర్త తాను ఆత్మహత్య చేసికొనెదనని బెదరించి, తమవని భార్యయు కుమారుడును చెప్పుకొనుచుండిన ఆస్తిపై హక్కులను తన సోదరునికి విడుదల చేయునట్లు వారిచేత పత్రము వ్రాయించెను. 1917లో వచ్చిన తీర్పులో న్యాయమూర్తులలో నధికసంఖ్యాకులు, ఆత్మహత్యాయత్నము ఆనాటి శిక్షాస్మృతి ప్రకారము నిషిద్ధము గనుక ఆ బెదరింపు 15వ సెక్షనులోని బలవంతమే యనియు, పత్రము రద్దుచేయదగినదే యనియు నిర్ణయించిరి. చట్టములోని మాటలను అంత వ్యాపకముగా చదువరాదని ఒక న్యాయమూర్తి విభేదించెను. ఈ తీర్పులో మనము గమనింపవలసిన దేమనగా, పత్రము శూన్యమని ఎవ్వరును అనలేదు. భార్యయు కుమారుడును మౌనముగా నుండినచో అది చెల్లుచుండెడిదే. భర్త సోదరునికి ఆస్తి చెందుచుండెడిదే. వారు లేచి మాకిది అక్కరలేదన్నందుననే పత్రము తొలగినది.

ఈ హక్కు రెండంచులు గలది. 19వ సెక్షను ప్రకారము మోసగింపబడినవాడు ఒప్పందమును త్రుంచివేయుటయే కాదు, కోరినచో దానిని నిలువబెట్టి, చెప్పినమాట నిజమైయుండినచో తానే స్థితిలో నుండెడివాడో ఆ స్థితికి తన్ను తెమ్మని అడుగవచ్చును. తాకట్టు లేదని చెప్పి తాకట్టు ఉన్న భూమిని అమ్మినవాని విషయమున, కొన్నవాడు బేరమునుండి వైదొలగవచ్చును. లేదా అమ్మినవానిచేత ఆ తాకట్టు అప్పును తీర్పించుకొని భూమినే దక్కించుకొనవచ్చును. పొలము నచ్చినవానికి రెండవ మార్గమే మేలు. మోసగించినవానికి మాత్రము ఈ ఎంపికలో భాగము లేదు; ధర పెరిగినది గనుక ఒప్పందము చెల్లదని ఆతడు వాదింపజాలడు. నా ఆలోచనలో ఈ విభాగముయొక్క న్యాయబుద్ధి సమస్తము ఇక్కడనే యున్నది: కీడు పొందినవాని చేతికే తాళపుచెవి యీయబడినది.

కాని ఆ చెవిని ఎల్లకాలము చేత పట్టుకొని కూర్చుండుటకు వీలులేదు. సత్యము తెలిసిన పిమ్మట ఒప్పందమును అనుసరించి నడచినవాడు, ఉదాహరణమునకు కొన్న భూమిని సాగుచేసికొనుచు బాకీ వాయిదాలను చెల్లించుచు వచ్చినవాడు, తన వికల్పమును పోగొట్టుకొనును. అసత్యకథనము చేతనో, మోసమగు మౌనముచేతనో సమ్మతి రాబట్టబడినప్పుడు, సామాన్యమైన జాగ్రత్తతో సత్యము తెలిసికొనుటకు అవకాశముండినచో ఆ హక్కే లేదు. కాలపరిమితి చట్టము 59వ అధికరణము ప్రకారము పత్రమును రద్దుచేయుమను వ్యాజ్యమును, దానికి కారణమైన సంగతులు తెలిసిననాటి నుండి మూడేండ్లలోపల వేయవలెను. శూన్యమైన పత్రమును రద్దుచేయించుకొనవలసిన అగత్యము లేదని సుప్రీంకోర్టు 2006లో ప్రేమ్ సింగ్, బీర్బల్ వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది. మూడేండ్ల గడువు బాధ రద్దుచేయదగిన పత్రమునకే. కావున వృద్ధురాలొకతె వ్రేలిముద్ర వేసిన దానపత్రము విషయమున ఆమె కుటుంబము మొదట అడుగవలసిన ప్రశ్న, ఇది శూన్యమా, రద్దుచేయదగినదా అన్నదే.

ఆ ప్రశ్నకు 1968లో నింగవ్వ, బైరప్ప వ్యాజ్యములో సుప్రీంకోర్టు చూపిన గుర్తు నేటికిని వకీళ్లకు చేదోడు. పత్రముయొక్క స్వభావమును గూర్చియే మోసము జరిగినచో, అనగా కౌలుపత్రమని చెప్పి క్రయపత్రముపై సంతకము చేయించినచో, సంతకము చేసినవారి మనస్సు ఆ పత్రముతో ఏనాడును కలియలేదు గనుక అది శూన్యము. పత్రమేదో తెలిసి, అందులో వ్రాయబడిన సంగతులను గూర్చి మాత్రము మోసపోయినచో, ఉదాహరణమునకు రెండు పొలములే దానము చేయుచున్నానని తలచియుండగా నాలుగింటిని చేర్చి వ్రాయించినచో, అది రద్దుచేయదగినది మాత్రమే. ఆ వ్యాజ్యములో మోసము రెండవ విధమైనదని తేలుటచేత గడువు ప్రశ్న వచ్చినది. గడువు దాటినందున నింగవ్వ ఓడిపోయినది. పల్లెలలో పత్రములు చదివి వినిపించువాడు ఏమి చదివెను, ఏమి చదువలేదన్న సాక్ష్యమునకు ఇంత విలువ వచ్చినది ఈ కారణము చేతనే.

వస్తువు మూడవవాని చేతికి పోయినప్పుడు ఈ భేదము మరింత పదునెక్కును. గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు నూరు బస్తాల మిర్చిని తీసికొనివచ్చెననుకొందము. ఒకడు ఖాతాలో సొమ్ములేదని ఎరిగియే చెక్కు వ్రాసియిచ్చి బస్తాలను తోలించుకొనిపోయి, ఆ సాయంకాలమే మరొక వర్తకునికి న్యాయమైన ధరకు అమ్మెను. ఆ వర్తకునికి మోసము సంగతి తెలియదు. రైతు చేసిన అమ్మకము మోసముచేత రద్దుచేయదగినదే కాని శూన్యము కాదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 29వ సెక్షను ప్రకారము, రైతు ఒప్పందమును త్రుంచివేయకముందే సద్బుద్ధితో కొన్న వర్తకునికి బస్తాలపై పూర్తి హక్కు కలుగును. రైతుకు మిగులునది మోసగానిపై వ్యాజ్యము మాత్రమే. చెక్కు తిరిగివచ్చిన మరుక్షణమే, బస్తాలు మరియొకరి చేతికి పోవకముందే, ఒప్పందము రద్దుచేసితినని తెలియజేసినచో కథ మరొక విధముగా నుండును. ఇక్కడ కొన్ని గంటలు ఆలస్యమగుట కూడ ఆస్తిని పోగొట్టును.

దీనికి విరుద్ధమగు ఫలితము 1878లో ఇంగ్లాండున కండీ, లిండ్సే వ్యాజ్యములో వచ్చినది. బ్లెంకార్న్ అనువాడు తన సంతకమును ప్రసిద్ధ వ్యాపారసంస్థయైన బ్లెంకిరన్ వారిదివలె కనుపట్టునట్లు జాబులు వ్రాసి చేతిరుమాళ్లను తెప్పించుకొని, వానిలో 250 డజన్లను కండీ వారికి అమ్మెను. సరకు పంపిన లిండ్సే వారు తాము బ్లెంకిరన్ వారితోనే బేరమాడుచున్నామని తలచిరి గాని బ్లెంకార్న్ అనువాడు వారి ఎరుకలోనే లేడు. కనుక ఆతనితో ఒప్పందమే పుట్టలేదని ప్రభువుల సభ తీర్మానించుటచే, నిర్దోషులైన కండీ వారు సరకు వెల నిచ్చుకొనవలసివచ్చెను. మోసమొకటే, మొదటి దానిలో కొన్నవాడు బ్రదికిపోయెను, రెండవ దానిలో చెడిపోయెను.

ఇక శాసననిషిద్ధమగు ఒప్పందము. శూన్యత్వమునకును దీనికిని గల సరిహద్దును మన సుప్రీంకోర్టు 1959లో ఘేరూలాల్ పారఖ్, మహాదేవదాస్ మైయా వ్యాజ్యములో గీచినది. ఆ తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఆ పీఠమున కెక్కిన కోకా సుబ్బారావుగారు. డార్జిలింగులోని రెండు కుటుంబములవారు హాపుర్ వర్తకులతో సరకుల ధరల హెచ్చుతగ్గులపై పందెపు బేరములు చేయుటకు భాగస్థులైరి. లాభనష్టములు సమానముగా పంచుకొనవలెనని వారి మాట. నష్టము వచ్చినది. మహాదేవదాసు హాపురువారికి మొత్తము చెల్లించి, అందులో సగము ఇమ్మని ఘేరూలాలును అడిగెను, అతడు నిరాకరించెను. 30వ సెక్షను ప్రకారము పందెము శూన్యమనుట నిజమే. ఆ శూన్యమునకై ఏర్పడిన భాగస్థత కూడ శాసనవిరుద్ధమా యన్నది ప్రశ్న.

సుబ్బారావుగారి సమాధానము, చట్టము పందెమును అమలుపరుపనని మాత్రమే చెప్పినది గాని చేయరాదని నిషేధింపలేదు అన్నది. నిషేధము లేనిచోట దాని ఉద్దేశ్యము 23వ సెక్షనునకు లోబడదు. పందెము దుర్నీతికరమనియో, ప్రజాహితమునకు విరుద్ధమనియో కొత్తగా సూత్రములు కల్పించుటకు న్యాయస్థానమునకు తొందర తగదు. కనుక పందెములో హాపురు వర్తకుడు వ్యాజ్యము వేసినచో ఓడిపోవును, కాని ఆ పందెమునకై కలిసిన భాగస్థుడు తన వంతు నష్టమును చెల్లింపక తప్పదు. శూన్యముగా మాత్రమే యున్న ఒప్పందము తన చుట్టునున్న అనుబంధ వ్యవహారములను పాడుచేయదు. పూర్వపు బొంబాయి రాష్ట్రములో 1865 నాటి ప్రత్యేక శాసనము పందెమునకు అనుబంధమైన వ్యవహారములను గూడ శూన్యము చేసియుండినందున అచ్చట ఫలితము వేరుగా నుండెడిది. సుబ్బారావుగారి తీర్పులో నా కత్యంత ప్రియమైన అంశము వారి సంయమము: తమకు మంచిదనిపించిన నీతిని ప్రజలమీద రుద్దక, శాసనము గీచిన గీత వద్దనే ఆగిరి.

ఆ గీతను దాటిన ఒప్పందమునకు మాత్రము 23వ సెక్షను కఠినముగా నున్నది. ప్రభుత్వోద్యోగ మిప్పించెదనని ఒకడు మాటయిచ్చి వెయ్యి రూపాయలు పుచ్చుకొను ఒప్పందమును చట్టమే ఉదాహరణముగా చూపి శూన్యమన్నది. అట్టి సొమ్మునకు ప్రోనోటు వ్రాయించుకొన్నను ఫలము లేదు, ప్రతిఫలమే పాపిష్ఠిది గనుక. ఉద్యోగము రానప్పుడు ఆ సొమ్ము నిమ్మని వచ్చువానికి, సమానముగా తప్పుచేసిన ఇరువురిలో ఎవ్వరికిని సాయపడనని న్యాయస్థానము సామాన్యముగా తలుపు మూసివేయును. సొమ్ము ఎవని చేతిలో మిగిలినదో వానికే దక్కును. తెలుగు పట్టణములలో ఉద్యోగాశతో ఆభరణములమ్మి దళారులకు డబ్బిచ్చిన తండ్రుల కడ్డము వచ్చునది ఈ గోడయే. వారి మీద జాలి కలుగుటకు కారణమున్నది. అయినను న్యాయస్థానమును అక్రమ వ్యాపారమునకు పద్దుల పుస్తకముగా మార్చుట ఎట్లును తగదు.

ఈ గోడలో కొన్ని ద్వారములు లేకపోలేదు. అక్రమోద్దేశ్యము నెరవేరకముందే వెనుకకు మరలినవానికి ఆస్తి తిరిగి దక్కునని, ఋణదాతను వంచించుటకు చేసిన బేనామీ విక్రయమొకదానిని గూర్చి 1908లో బర్మానుండి వచ్చిన పేథర్‌పెరుమాళ్ చెట్టి వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు చెప్పినది. అయితే బేనామీ ఆస్తులను గూర్చి అట్టి వ్యాజ్యములను 1988 నాటి శాసనము అడ్డుకొన్నందున, ఆ తీర్పులోని సూత్రము నేడు వేరు సందర్భములకే పరిమితమైనది. రెండవ ద్వారము, ఇరువురును సమానముగా దోషులు కానప్పుడు తెరచుకొనును. ముఖ్యముగా ఏ బలహీనవర్గమును కాపాడుటకై శాసనము చేయబడినదో ఆ వర్గమువాడు వచ్చినప్పుడు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన, అనగా 1959లో చేయబడి 1970లో కఠినము చేయబడిన శాసనము, ఏజెన్సీలో భూమిని గిరిజనేతరునికి బదిలీచేయుట సర్వథా శూన్యమని చెప్పుచున్నది. గిరిజనుడు తానే సంతకము చేసి సొమ్ము తీసికొన్నను, ఆ భూమి తిరిగి ఆతనిదేయని అధికారి ఆదేశింపవచ్చును. కొన్నవాడు నేను డబ్బిచ్చితిని, ఏండ్ల తరబడి చెట్లు పెంచితిని అని చెప్పినను, శూన్య పత్రమునుండి హక్కు పుట్టదు. అప్పు బాధలో నున్న గిరిజనుడు ఆ సంతకమును స్వేచ్ఛగా చేసెనని వాదించుటకు తావే ఈ శాసనము ఉంచలేదు. రద్దు కోరవలసిన భారమును ఆతని భుజములపై మోపినచో, మూడేండ్ల గడువే ఆ భూములను చాలవరకు మ్రింగివేసియుండెడిది.

న్యాయస్థానములో ఈ మూడింటి నడవడిలో మరియొక భేదము కలదు. మోసమును బలవంతమును ఆధారముగా జేసికొనినవాడు దాని వివరములను, ఎప్పుడు, ఎవ్వరు, ఏమి చెప్పి వంచించిరో తన దావా పత్రమునందే వ్రాయవలెను. వ్రాయనిచో ఆ వాదము నిలువదు, తాను కోరినచో ఒప్పందమును ధ్రువపరచుకొనవచ్చును కూడ. శాసనవిరుద్ధతను మాత్రము పక్షములవా రిరువురును మాటాడకున్నను, సాక్ష్యమునుండి బయటపడినచో న్యాయమూర్తి తానే గమనించి వ్యాజ్యమును కొట్టివేయవలెను. ఇరువురును రాజీపడి దానిని చెల్లునట్లు చేసికొనుటకు అధికారము వారికి లేదు, ఆ నిషేధము వారి మేలుకొరకు మాత్రమే ఏర్పడినది కాదు గనుక.